పోయిన చెక్కుకు స్టాప్ పేమెంట్: బ్యాంకుకు ఏమేం చెప్పాలి

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. సిమెంటు, ఐరన్ షాపాయనకు మార్చి 12న 86,500కి చెక్కిచ్చాను. బండి మీద వెళ్తుంటే ఎక్కడో పడిపోయిందట, ఇంకో చెక్కు రాసిమ్మంటున్నాడు. పాతది ఆపించాలంటే బ్యాంకులో ఏమేం వివరాలు ఇవ్వాలి? చెక్కు నెంబరు నేను ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

సమాధానం:

ముందు పాత చెక్కు ఆపించండి. అది ఆగినట్టు మీ కళ్లతో చూసుకున్నాకే ఆయనకు రెండోసారి డబ్బివ్వండి. ఈ పని మీరే చేయాలి. డబ్బు రావాల్సింది ఆయనకే అయినా మీ ఖాతా మీద చెక్కును ఆపమని మీ బ్యాంకుకు చెప్పే అధికారం ఆయనకు లేదు. ఆయన వెళ్లి అడిగినా కౌంటర్లో మిమ్మల్నే రమ్మంటారు.

బ్యాంకుకు కావలసిన వివరాలు ఇవి: మీ ఖాతా నెంబరు, ఆరంకెల చెక్కు నెంబరు, చెక్కు మీద వేసిన తేదీ, ఎవరి పేరున రాశారు, ఎంత మొత్తం, ఎందుకు ఆపమంటున్నారు. చివర ఖాతాలో ఉన్నట్టుగానే మీ సంతకం. వీటిలో మొదటి రెండిట్లో ఏ ఒక్కటి తప్పు పడినా, మిగతావి సరిగ్గా ఉన్నా ఫలితం ఉండదు. బ్యాంకు కంప్యూటర్ చెక్కును గుర్తుపట్టేది ఖాతా నెంబరు, చెక్కు నెంబరులతోనే. పేరు, మొత్తం, తేదీ మీరు చెప్తున్న చెక్కు అదేనా అని సరిచూసుకోవడానికి, రేపు ఏదైనా గొడవ వస్తే రుజువుగా ఉండడానికి. అందుకే తేదీ గుర్తు లేదనో, పైసలతో సహా మొత్తం తెలియదనో ఆగిపోకండి. నెంబరు దొరికితే చాలు, ఆపించవచ్చు. నెంబరు మాత్రం ఉజ్జాయింపుగా చెప్పకూడదు. ఒక్క అంకె తేడా వస్తే ఆగేది వేరే చెక్కు. పోయిన చెక్కు మామూలుగానే పాసైపోతుంది, ఆ నష్టం బ్యాంకు మీద వేయడానికీ ఉండదు.

నెంబరు దొరికించుకునే పద్ధతి

మీ చెక్ బుక్ తీయండి. ప్రతి చెక్కు అడుగున తెల్లటి పట్టీ మీద అదోరకం అక్షరాలతో అంకెలు ఉంటాయి. ఎడమ చివర ఉన్న మొదటి ఆరంకెలే చెక్కు నెంబరు. దాని పక్కనున్న తొమ్మిదంకెలు ఊరు, బ్యాంకు, బ్రాంచి తెలిపే ఎంఐసీఆర్ కోడ్. ఆ బ్రాంచి ఇచ్చిన చెక్కులన్నిటి మీదా అదే ఉంటుంది. కంగారులో దాన్ని చెక్కు నెంబరుగా రాసిచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఆరంకెలు సున్నాతో మొదలైతే ఆ సున్నాలు కూడా రాయాలి.

బుక్ మొదట్లోనో చివర్లోనో ఏ నెంబరు ఎవరికిచ్చామో రాసుకునే పేజీ ఉంటుంది, కొన్ని బుక్కుల్లో కౌంటర్ ఫాయిల్ ఉంటుంది. అక్కడ రాసుకుని ఉంటే సమస్యే లేదు. రాయలేదు అంటున్నారు కాబట్టి, లెక్క కట్టి పట్టుకోవాలి. ఉదాహరణకు మీది 25 లీఫుల బుక్, నెంబర్లు 412651 నుంచి 412675 దాకా అనుకుందాం. బుక్‌లో ఇప్పుడు పైనున్న ఖాళీ చెక్కు 412664. అంటే 412663 దాకా చింపారు. ఇప్పుడు పాస్‌బుక్ ప్రింటు తీయించండి, లేదా యాప్‌లో స్టేట్‌మెంట్ తెరవండి. పాసైన ప్రతి చెక్కు పక్కనా దాని నెంబరు ఉంటుంది. అందులో 412660, 412662 కనిపించి, 412661, 412663 కనిపించలేదనుకోండి. పోయింది ఈ రెండిట్లో ఒకటి.

ఇక్కడ తొందరపడి రెండూ ఆపించేస్తే చిక్కొస్తుంది. 412661 మీరు పిల్లల ఫీజుకిచ్చినది అయితే, స్కూలు వాళ్లు ఇంకా వేయలేదంతే. దాన్ని ఆపితే వాళ్ల దగ్గర బౌన్స్ అవుతుంది, ఇచ్చిన చెక్కు ఆపించిన తప్పు మీ మీదకొస్తుంది. కాబట్టి రెండో నెంబరు ఎటు పోయిందో గుర్తు చేసుకోండి. లోన్ కాగితాలతోపాటు గీతలు గీసి క్యాన్సిల్డ్ అని రాసిచ్చిన చెక్కు కూడా స్టేట్‌మెంట్‌లో కనపడదు, చాలామంది దాన్నే మర్చిపోతారు. 412661 అదేనని తేలితే మీకు కావలసింది 412663. మార్చి 12కి ముందూ తర్వాతా ఇచ్చిన చెక్కుల వరసతో కూడా సరిపోతుందేమో చూడండి. మధ్యలోంచి లీఫు చింపే అలవాటుంటే మాత్రం వరసను నమ్మకండి.

షాపాయన్ని కూడా అడగండి. చాలామంది వ్యాపారులు చెక్కు తీసుకోగానే ఫోన్లో ఫొటో తీసుకుంటారు, లేదా రసీదు మీద నెంబరు వేస్తారు. ఒక్కోసారి లెక్కలన్నీ అక్కర్లేకుండా అక్కడే దొరికేస్తుంది.

ఎంత వెతికినా రెండు నెంబర్ల మధ్య తేలకపోతే, రెండోది ఎవరికీ చెల్లించాల్సిన చెక్కు కాదని గట్టిగా తెలిస్తేనే రెండూ ఆపించండి. చాలా బ్యాంకుల్లో ఛార్జీ చెక్కుకింత అని ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఒక ఛార్జీ ఎక్కువైనా 86,500 ముందు అదేం పెద్ద మొత్తం కాదు.

ముందు ఆ చెక్కు పాసైపోయిందేమో చూడండి

నెంబరు తెలియగానే యాప్‌లో చెక్కు స్టేటస్ చూడండి. అప్పటికే డబ్బు వెళ్లిపోయి ఉంటే స్టాప్ పేమెంట్‌కు అర్థం లేదు, అప్పుడు దారి వేరు. ఆ చెక్కును స్కాన్ చేసిన బొమ్మ కావాలని, అది ఏ బ్యాంకు ద్వారా వచ్చిందో చెప్పమని మీ బ్రాంచిలో రాతపూర్వకంగా అడగాలి. ఇప్పుడు చెక్కులు క్లియరింగ్‌కు బొమ్మగానే వస్తాయి. అసలు కాగితం దాన్ని వేయించుకున్న బ్యాంకు దగ్గరే ఉంటుంది. డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో ఆ బ్యాంకు రికార్డుల్లో తేలుతుంది. అక్కడి నుంచి పోలీసు ఫిర్యాదు.

ఇక పాసవ్వలేదనే అనుకుందాం. అయినా రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఒకప్పుడు ఇవాళ వేసిన చెక్కు మర్నాటికి తేలేది. 2025 అక్టోబర్ 4 నుంచి పద్ధతి మారింది. ఇప్పుడు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా బ్యాంకులు చెక్కుల బొమ్మలు ఎప్పటికప్పుడు పంపుతూనే ఉంటాయి. మీ బ్యాంకు ఆ సాయంత్రం 7 లోపు పాస్ అనో కాదనో చెప్పాలి. చెప్పకపోతే పాసైనట్టే లెక్క. పొద్దున ఎవరైనా వేస్తే సాయంత్రానికి డబ్బు కదిలిపోవచ్చు. మీ సూచన కంప్యూటర్లో పడాల్సింది దానికి ముందు.

మీ చెక్కు ఎలా రాశారన్నది ఇక్కడ ముఖ్యం. రెండు అడ్డగీతలు గీసి అకౌంట్ పేయీ అని రాసి ఉంటే, అది షాపు పేరున్న ఖాతాలోనే పడాలి. దొరికినవాడికి దాంతో పెద్దగా పనిలేదు. గీతలు లేకుండా, బేరర్ అన్న మాట కొట్టేయకుండా ఇచ్చి ఉంటే మాత్రం ఎవరైనా కౌంటర్లో నగదు తీసుకోవచ్చు. అలాంటి చెక్కయితే కాగితం రాస్తూ కూర్చోకుండా వెంటనే యాప్‌లో ఆపేయండి, అది లేకపోతే బ్రాంచికి ఫోన్ చేయండి. ఫోన్‌తో చెప్పింది తాత్కాలికమే, చాలా బ్యాంకులు వెంటనే రాసివ్వమని అడుగుతాయి. అదే రోజు వెళ్లి కాగితం ఇచ్చేయండి.

అకౌంట్ పేయీ కాబట్టి భయం లేదని వదిలేయడమూ తప్పే. ఇలాంటి వాటిల్లో ఎక్కువగా జరిగేది దొంగతనం కాదు. పోయిందనుకున్న చెక్కు పది రోజులకు షాపు లెక్కల పుస్తకంలోనో, బిల్లుల కట్టలోనో దొరుకుతుంది. గుమస్తాకు సంగతి తెలియదు, మిగతా చెక్కులతోపాటు వేసేస్తాడు. పేరు సరైనదే, సంతకం సరైనదే, బ్యాంకు పాస్ చేస్తుంది. అప్పటికే మీరు రెండో చెక్కు ఇచ్చి ఉంటారు. 86,500 రెండుసార్లు వెళ్లిపోతుంది.

యాప్‌లోనా, బ్రాంచిలోనా

నెట్ బ్యాంకింగ్ ఉంటే చెక్ సర్వీసెస్ కింద స్టాప్ చెక్ అని ఉంటుంది. ఖాతా ఎంచుకోవాలి, చెక్కు నెంబరు కొట్టాలి, కారణాల్లోంచి పోయింది అన్నది ఎంచుకోవాలి, ఓటీపీ ఇవ్వాలి. అర్ధరాత్రయినా పనిచేస్తుంది, టైపు చేసిన క్షణమే రికార్డవుతుంది. ఒకటికి మించి ఖాతాలున్నవాళ్లు ఖాతా ఎంచుకునే చోట జాగ్రత్తగా ఉండాలి. చెక్కు ఒక ఖాతాది, ఆపింది ఇంకో ఖాతాలో అయితే ఏమీ ఆగనట్టే. ఒకే చెక్కును ఆపేటప్పుడు మొదటి నెంబరు, చివరి నెంబరు అని రెండు గళ్లు అడిగితే రెండిట్లోనూ అదే నెంబరు వేయాలి. చివరి గడిలో పొరపాటున బుక్‌లో చివరి నెంబరు వేస్తే మిగిలిన ఖాళీ చెక్కులన్నీ ఆగిపోతాయి.

బ్రాంచిలో అయితే వాళ్ల దగ్గర ఫారం ఉంటుంది. లేకపోతే తెల్లకాగితం మీద ఇలా రాయండి, రెండు కాపీలు:

> బ్రాంచి మేనేజరు గారికి,
>
> నా సేవింగ్స్ ఖాతా నెంబరు (పూర్తిగా) మీద నేను జారీచేసిన కింది చెక్కు, దాన్ని తీసుకున్న వారి దగ్గర పోయింది. దానికి చెల్లింపు ఆపవలసిందిగా కోరుతున్నాను.
>
> చెక్కు నెంబరు: 412663
> చెక్కు తేదీ: 12-03-2026
> ఎవరి పేరున: (షాపు పేరు, చెక్కు మీద రాసినట్టే)
> మొత్తం: రూ. 86,500 (ఎనభై ఆరు వేల ఐదు వందలు)
> క్రాసింగ్: అకౌంట్ పేయీ
> కారణం: చెక్కు పోయింది
>
> ఇందుకు అయ్యే ఛార్జీలు నా ఖాతాలో వేసుకోవచ్చు. ఈ చెక్కు ఇప్పటివరకు చెల్లింపుకు రాలేదని నిర్ధారించి తెలపగలరు.
>
> సంతకం, పేరు, ఫోన్ నెంబరు, తేదీ, సమయం

చివరి వాక్యం వదలకండి. ఆ వాక్యం ఉంటే గుమస్తా చెక్కు స్టేటస్ తెరిచి చూడక తప్పదు. రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తీసుకున్నవారి సంతకం, తేదీతోపాటు సమయం కూడా వేయించుకోండి. 11:20కి ఇచ్చారా, 4:40కి ఇచ్చారా అన్నదాని మీదే రేపు తప్పు ఎవరిదో తేలొచ్చు. డబ్బాలో వేసిన ఉత్తరానికి ఈ రుజువు ఉండదు, కాబట్టి చేతికే ఇవ్వండి.

ఇది జాయింట్ ఖాతా అయితే ఆపమని ఇద్దరిలో ఒక్కరు రాసిచ్చినా బ్యాంకు తీసుకుంటుంది. మళ్లీ ఆ ఆటంకం తీసేయాలంటే మాత్రం ఖాతాదారులందరూ సంతకం చేయాలి.

కొంతమంది గుమస్తాలు పోలీసు స్టేషన్ నుంచి కాగితం తెమ్మంటారు. మీ సూచన మేరకు మీ చెక్కు ఆపడానికి ఎఫ్‌ఐఆర్ అవసరం లేదు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు పోయినా, మొత్తం బుక్ పోయినా అప్పుడు ఫిర్యాదు ఇచ్చి ఉంచడం మీకే మంచిది.

ఆగిందో లేదో చూసుకోవడం

కాగితం తీసుకున్నారు కదా అని వచ్చేయకండి. కాగితం ట్రేలో ఉండి కంప్యూటర్లో ఎక్కకపోతే చెక్కు పాసైపోతుంది. సరిగ్గా ఎక్కితే సాధారణంగా ఎస్ఎంఎస్ వస్తుంది, ఛార్జీ ఖాతాలో పడుతుంది, యాప్‌లో ఆ నెంబరు కొడితే ఆపినట్టు చూపిస్తుంది. మూడో గుర్తే అసలైనది. ఆ తెర ఫొటో తీసి పెట్టుకోండి.

మీది 50 వేలు దాటిన చెక్కు కాబట్టి ఇంకో సంగతి ఉంది. ఇచ్చేటప్పుడు పాజిటివ్ పేలో దాని నెంబరు, తేదీ, పేరు, మొత్తం నమోదు చేశారా? 2021 జనవరి 1 నుంచి వచ్చిన ఈ ఏర్పాటులో మీరిచ్చిన వివరాలతో చెక్కును పోల్చి చూస్తారు. చేసి ఉంటే రెండు లాభాలు. ఒకటి, మీరు వెతుకుతున్న నెంబరు ఆ నమోదులోనే దొరుకుతుంది, మీదాకా వచ్చిన ఎస్ఎంఎస్‌లో కూడా ఉండొచ్చు. రెండు, మొత్తం దిద్దితే పట్టుబడుతుంది. కానీ దిద్దకుండా వేస్తే పాజిటివ్ పే అడ్డుకోదు. వివరాలు సరిపోయాయి కాబట్టి ఇది నిజమైన చెక్కేనంటుంది. అది స్టాప్ పేమెంట్‌కు బదులు కాదు.

ఆపమని సమయానికి, సరైన నెంబరుతో చెప్పాక కూడా బ్యాంకు పాస్ చేస్తే ఆ డబ్బు మీ ఖాతాలో తిరిగి వేయడం బ్యాంకు బాధ్యత. ముద్ర పడ్డ కాపీతో రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు.

షాపాయన దగ్గర్నుంచి తీసుకోవలసిన కాగితం

ఇచ్చిన చెక్కును ఆపించడం కూడా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో చెక్కు బౌన్స్‌ను నేరంగా చూసే 138వ సెక్షన్ కిందకు రావచ్చని సుప్రీంకోర్టు 1998లో మోదీ సిమెంట్స్ కేసులో చెప్పింది. తర్వాత 2001లో మెడ్చల్ కెమికల్స్ కేసులో, ఖాతాలో డబ్బు ఉండి, ఆపడానికి సరైన కారణం ఉందని చెక్కు రాసినవాడు చూపగలిగితే నేరం కాదని వివరించింది. చూపవలసింది మీరే. అందుకే ఈ రుజువులన్నీ. మీ విషయంలో అందరికంటే బలమైన సాక్ష్యం ఆయన సంతకంతో ఉన్న ఒక చిన్న ఉత్తరం.

షాపు లెటర్‌హెడ్ మీద ఆయన ఇంత రాస్తే చాలు: 12-03-2026 నాటి 412663 నెంబరు చెక్కు, రూ. 86,500, తన దగ్గర పోయింది. దానికి బదులుగా డబ్బు ఫలానా తేదీన ఫలానా విధంగా అందింది. పాత చెక్కు దొరికితే బ్యాంకులో వేయకుండా తిరిగి ఇచ్చేస్తాను. తేదీ, సంతకం, షాపు ముద్ర. పోయిన చెక్కుకు బదులు కొత్తది ఇమ్మని అడిగే హక్కు ఆయనకు అదే చట్టం 45ఏ సెక్షన్ కింద ఉంది. అలా ఇచ్చేటప్పుడు పాతది బయటపడితే నష్టం నాది అని హామీ అడిగే హక్కు కూడా అక్కడే మీకుంది. కాబట్టి ఈ ఉత్తరం అడగడం ఆయన్ని అనుమానించినట్టు కాదు, ఆ మాటే చెప్పి అడగండి. పెద్ద మొత్తాలకైతే ఇదే హామీని స్టాంపు పేపరు మీద తీసుకుంటారు.

ఇంకో మాట. రెండో చెక్కు రాసే బదులు ఆయన ఖాతాకు నెఫ్ట్ చేసేయండి. అందిన రుజువు మీ స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది, చేజారే కాగితమే ఉండదు. ఉత్తరంలో ఆ లావాదేవీ నెంబరు రాయించండి.

ఆయన్ని అడగవలసింది మరొకటుంది: నిజంగా బండి మీద పోయిందా, లేక బ్యాంకు డ్రాప్ బాక్సులో వేశాక కనపడకుండా పోయిందా? బ్యాంకుకు చేరాక పోతే ఆ సంగతి ఆయన బ్యాంకే ఆయనకు వెంటనే తెలపాలి, మీరు ఆపించుకోవడానికి వీలుగా. మళ్లీ చెక్కు తెచ్చుకోవడానికి అయిన ఖర్చు కూడా ఆ బ్యాంకు ఇవ్వాలి. అప్పుడు మీ స్టాప్ పేమెంట్ ఛార్జీ రసీదు ఆయనకిస్తే వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చు.

చెక్కు దొరికితే

ఆపినదాన్ని మళ్లీ తెరిపించకండి. డబ్బు ఎలాగూ ఇచ్చేశారు కాబట్టి ఆ చెక్కుతో పనిలేదు. మార్చి 12 తేదీ ఉంది కాబట్టి జూన్ రెండో వారంతో, అంటే మూడు నెలలకు అది ఎలాగూ చెల్లదు. తేదీ వేయకుండా సంతకం పెట్టిన చెక్కు పోయిన వాళ్లకు ఈ వెసులుబాటు లేదు. దొరికినవాడు ఎప్పుడైనా తేదీ రాసుకోగలడు, కాబట్టి వాళ్లు ఆ ఆటంకాన్ని ఖాతా ఉన్నన్నాళ్లూ అలాగే ఉంచాలి. చెక్కు మీ చేతికి తిరిగొస్తే సంతకం మీదుగా, అడుగున అంకెలున్న తెల్ల పట్టీ మీదుగా చింపి, ఆ ముక్కల్ని షాపాయన ఉత్తరానికి పిన్ను చేసి ఫైల్లో పెట్టండి.